మీ అభిప్రాయం మాకెంతో విలువైనదట!

ఉద్యోగం ఇవ్వని కంపెనీవాళ్ళు మూడు రోజుల తర్వాత "మా ఇంటర్వ్యూ అనుభవం ఎలా ఉందో చెప్పండి, రెండు నిమిషాలే పడుతుంది" అని మెయిల్ పంపితే మీరేం చేస్తారు? నాకు తెలిసిన జనాభాలో ఎక్కువమంది డిలీట్ నొక్కుతారు. కొంతమంది లింకు తెరిచి, కసిదీరా సున్నా ఇచ్చి, కింద పెట్టెలో నాలుగు తిట్లు రాసి మూసేస్తారు. నేను రెండో బాపతు. కాకపోతే ఈసారి రాసినదాన్ని పంపే ముందు మా వదిన కంట్లో పడింది. ఈ టపా పుట్టింది అలాగన్నమాట.

ముందు కథ క్లుప్తంగా. పేమెంట్స్ బ్యాకెండ్‌కి సీనియర్ ఇంజనీరు కావాలని హైదరాబాదులోని ఒక కంపెనీ (పేరు అనవసరం) నుంచి జూన్ 3న ఫోనొచ్చింది. 9న కోడింగ్, 14న ఇంకో టెక్నికల్ రౌండు, రెండూ బాగానే జరిగాయి. 20న సాయంత్రం నాలుగింటికి డిజైన్ రౌండు. నేను 3:55కే ల్యాప్‌టాప్ ముందు బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. నాలుగయింది, నాలుగుంపావయింది, ఎవరూ రారే! మధ్యలో 4:10కి రిక్రూటర్‌కి మెసేజ్ పెడితే 4:14కల్లా "సారీ, ఆయనకి ఫోన్ చేస్తున్నాను" అని జవాబిచ్చింది. అయ్యవారు 4:22కి ప్రత్యక్షమయ్యారు. కెమెరా లేదు. నా రెజ్యుమే అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు పైనుంచి కిందిదాకా చదివి, పేమెంట్స్ సంగతి వదిలేసి, ఫోటోల గ్యాలరీ పేజీ బ్రౌజర్లో వేగంగా తెరుచుకోవాలంటే ఏం చేస్తావని అడిగారు. నేను మొదలుపెట్టి కాస్త దారిలో పడేసరికి "నాకింకో మీటింగుంది" అని 4:50కి లేచిపోయారు. వారంలో చెబుతామన్నారు. చెప్పలేదు. జూన్ 28న ఒకసారి, జూలై 4న ఇంకోసారి నేనే మెయిల్ రాశాను. జూలై 9న, అంటే 19 రోజులకి, "మీకంటే ఎక్కువ సరిపోయే అభ్యర్థులు దొరికారు" అనే అచ్చుగుద్దిన మెయిలొచ్చింది. 12న సర్వే.

అప్పుడు నేను ఆవేశంగా రాసింది ఇది (అసలుది ఇంగ్లీషులో ఉంది, తెలుగు చేస్తే తిట్ల ఘాటు కొంచెం తగ్గింది):

"మీ ఇంటర్వ్యూయర్లకి కనీస మర్యాద తెలీదు. ఎప్పుడూ ఆలస్యమే. ముందే ఎవర్నో సెలెక్ట్ చేసేసుకుని ఫార్మాలిటీకి మమ్మల్ని పిలుస్తారు. ఆరేళ్ళుగా ఈ ఫీల్డులో ఉన్నాను, ఇంత చెత్త ప్రాసెస్ చూడలేదు. ఇతరుల టైముకి విలువివ్వడం నేర్చుకోండి."

పక్కన మార్కులు: పదికి సున్నా.

మా వదిన పదేళ్ళుగా రిక్రూట్‌మెంట్‌లోనే ఉంది, వేరే కంపెనీలో. ఆ ఆదివారం అన్నయ్యా వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, ఫోన్లో నేను రాసినది గొప్పగా చూపించాను, శభాష్ అంటుందని. ఆవిడ చదివి, అరటికాయ వేపుడు వడ్డిస్తూ అడిగింది: "ఇది నా డాష్‌బోర్డులోకి వచ్చిందనుకో. సోమవారం పొద్దున్న నన్నేం చెయ్యమంటావు?"

"ఆ మనిషిని కడిగెయ్యండి" అన్నాను.

"ఏ మనిషిని? మా దగ్గర ఇంటర్వ్యూలు చేసే ఇంజనీర్లు నలభైమంది ఉన్నారు. ఏ రోజో లేదు, ఏ రౌండో లేదు."

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అక్కడితో ఆగిందా, వాక్యం వాక్యం పట్టుకుంది. "ఎప్పుడూ ఆలస్యమే అన్నావు. నాలుగుసార్లు మాట్లాడారు, ఒక్కసారే కదా ఆలస్యమైంది? క్యాలెండర్ ఇన్వైట్లు, కాల్ మొదలైన టైములు అన్నీ వాళ్ళ దగ్గరుంటాయి. మొదటి మూడూ టైముకే జరిగాయని తెలియగానే, నాలుగోదాని గురించి నువ్వు చెప్పిన నిజం కూడా కొట్టుకుపోతుంది. ముందే ఎవర్నో సెలెక్ట్ చేశారన్నావు, నీకెలా తెలుసు?"

"అలా అనిపించింది వదినా."

"అనిపించింది అని రాస్తే కూడా దాన్నేం చేసుకోలేను. 22 నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు అని రాస్తే చేసుకోగలను."

ఇక్కడ ఒక విషయం నాకు కొత్తగా తెలిసింది. ఈ కామెంట్లు చదివేది సాధారణంగా రిక్రూటరూ, ఆవిడ పైనున్న మేనేజరూ. ఆలస్యంగా వచ్చిన ఇంజనీరు చదవడు. ఆ ఇంజనీరు మీద రిక్రూటర్‌కి అధికారమేమీ ఉండదు. ప్యానెల్లో కూర్చోమని వాళ్ళని బతిమాలుకునేదే ఆవిడ. నెలకోసారి హైరింగ్ మేనేజర్‌తో మీటింగులో "మీవాళ్ళు టైముకి రావట్లేదు" అంటే "ప్రొడక్షన్లో ఇష్యూలమ్మా, ఏం చేస్తాం" అని తీసిపారేస్తారట. అదే మాట అభ్యర్థి చేతిరాతలో తేదీతో, నిమిషాలతో ఉంటే చదివి వినిపించొచ్చు. "నేనంటే సణుగుడు, మీరంటే డేటా" అంది వదిన. అంటే నేను రాసే కామెంటు ఆ రిక్రూటర్ చేతిలో కాగితం కావాలి. నేను రాసిన తిట్లు ఆవిడ ఎవరికీ చూపించుకోలేదు, చూపిస్తే "ఎవరో రిజెక్టయిన కోపంలో ఉన్నాడు" అని నవ్వేస్తారు.

ఇక మార్కుల సంగతి. మనలో చాలామందికి దీని లెక్క తెలీదనుకుంటా, నాకైతే తెలీదు. "మా కంపెనీలో అప్లై చెయ్యమని మీ స్నేహితుడికి చెప్పే అవకాశం 0 నుంచి 10లో ఎంత?" అన్న ప్రశ్న ఉంటుంది చూశారూ, దాన్ని నెట్ ప్రమోటర్ స్కోర్ అంటారు. ఫ్రెడ్ రైఖెల్డ్ అనే కన్సల్టెంటు 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో కస్టమర్ల కోసం ప్రతిపాదించిన కొలత ఇది. తర్వాత హెచ్చార్ వాళ్ళు అభ్యర్థులకీ తగిలించారు. 9, 10 ఇచ్చినవాళ్ళు ప్రమోటర్లు. 7, 8 ఇచ్చినవాళ్ళు లెక్కలో తటస్థులు. 0 నుంచి 6 దాకా అందరూ డిట్రాక్టర్లు, అంటే బయట చెడుగా చెప్పేవాళ్ళ కింద లెక్క. ప్రమోటర్ల శాతంలోంచి డిట్రాక్టర్ల శాతం తీసేస్తే స్కోరు.

అరవై దాటితే ఫస్ట్ క్లాసు, డెబ్భై అయిదు దాటితే డిస్టింక్షను అని పెరిగిన ప్రాణాలు మనవి. "బాగానే ఉంది" అనుకుని పదికి ఏడు ఇస్తాం. అక్కడ ఏడుకి విలువ లేదు. ఆరు ఇస్తే "పర్లేదు" అన్నట్టు మనకి, తిట్టినట్టు వాళ్ళకి. ఒక రిక్రూటర్‌కి మూడు నెలల్లో 20 జవాబులు వచ్చాయనుకోండి. పదిమంది 9, 10 ఇచ్చారు, అయిదుగురు 7, 8, నలుగురు ఆరు లోపు, ఇరవయ్యోవాణ్ణి నేను. నేను 8 ఇస్తే 50 లోంచి 20 తీసేస్తే 30. నేను 6 ఇస్తే 50 లోంచి 25 తీసేస్తే 25. నేను సున్నా ఇస్తే? అదే 25! ఆరుకీ సున్నాకీ మధ్య నేను చూపించిన ఆక్రోశమంతా ఆ స్కోర్లో కనబడనే కనబడదు. ఎక్సెల్ షీటుకి కోపం అర్థం కాదు కదా :)

పైగా వదిన చెప్పిన ఇంకో ముక్క నన్ను ఇబ్బంది పెట్టింది. చాలాచోట్ల ఈ స్కోరు ఆ పొజిషన్ చూసిన రిక్రూటర్ పేరు మీదే లెక్కకట్టి, ఆవిడ అప్రైజల్లో చూస్తారట. అంటే నేనిచ్చే సున్నా ఎవరికి తగులుతుంది? 22 నిమిషాలు కూర్చోబెట్టిన మహానుభావుడికి కాదు. నాలుగు నిమిషాల్లో జవాబిచ్చిన అమ్మాయికి. మొదటి ఫోన్లోనే జీతం పరిధి దాచకుండా చెప్పింది, నాకు 90 రోజుల నోటీసుందన్నా పర్లేదని అప్పుడే తేల్చేసింది, ఒక్కో రౌండులో ఏ విషయం మీద అడుగుతారో రాసి పంపింది. పదేళ్ళ వదిన అనుభవంలో కూడా ఇవన్నీ చేసే రిక్రూటర్లు తక్కువేనట.

"అయితే తొమ్మిది ఇచ్చెయ్యనా?" అన్నాను.

"అబద్ధమాడమని నేను చెప్పలేదు. స్నేహితుడికి చెప్తావా అని కదా అడిగారు, చెప్తావా?"

ఆలోచించాను. మా టీములో ఒకతను ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, వాడికి చెప్తానా? "అప్లై చెయ్యి, కానీ రిజల్టు కోసం ఎదురుచూడకు" అంటాను. అంటే ఆరు. ఆరే ఇచ్చాను. రిక్రూటర్ గురించి విడిగా ఉన్న ప్రశ్నకి అయిదుకి అయిదు. ఆ ఆరు ఎందుకో కామెంటులో చెప్పడం నా బాధ్యత అనిపించింది, ఎందుకంటే అంకె ఒక్కటే వెళ్తే అది తప్పు చిరునామాకి చేరుతుంది.

ఇంటికొచ్చి రెండో ప్రతి రాశాను. అది ఇంకో విడ్డూరం. వదిన మాటల ప్రభావమేమో, మర్యాద మరీ ఎక్కువైపోయింది. "మొత్తం మీద చక్కటి అనుభవం. ఒక రౌండు కొద్దిగా ఆలస్యమైనట్టుంది. వీలైతే ఫలితం కాస్త త్వరగా చెబితే బాగుంటుందేమో. అవకాశమిచ్చినందుకు ధన్యవాదాలు." పెళ్ళిలో భోజనాలు ఎలా ఉన్నాయని అడిగితే అమ్మాయి తరపువాళ్ళ ముందు చెప్పే జవాబులా లేదూ? కొద్దిగా, కాస్త, బాగుంటుందేమో. 22 నిమిషాలు, 19 రోజులు ఈ మెత్తటి మాటల్లో కరిగిపోయాయి. మొదటిదాంట్లో కోపం విషయాన్ని మింగేస్తే, ఇందులో మొహమాటం మింగేసింది. వాట్సాప్‌లో పంపితే వదిన ఒక్క మాటే రాసింది: "కొద్దిగా అంటే ఎంత?"

మూడోసారి కూర్చున్నప్పుడు ఒక పని చేశాను. ముందు వాక్యాలు రాయడం మానేసి, జరిగినవి క్యాలెండర్లోంచీ మెయిల్లోంచీ ఏరి పక్కన పెట్టుకున్నాను. ఒక్కోదానికీ మూడు అడిగాను: ఏం జరిగింది, దానివల్ల నాకేమైంది, వాళ్ళు ఏం మార్చొచ్చు. మూడోదానికి జవాబు లేనివి తీసేశాను. కెమెరా ఆపేయడం పోయింది (ఆయన ఇంట్లో నెట్ ఎలా ఉందో నాకేం తెలుసు). రెజ్యుమే అప్పుడే చదివినట్టుండడం పోయింది, అది నా ఊహ. "ముందే ఎవర్నో సెలెక్ట్ చేశారు" ఎలాగూ పోయింది. ఆరేళ్ళ అనుభవం కూడా పోయింది, దానికీ ఆలస్యానికీ సంబంధం లేదు. మిగిలినవి మూడు.

మూడోదాని దగ్గర ఆగాల్సొచ్చింది. పేమెంట్స్ ఉద్యోగానికి బ్రౌజర్ ప్రశ్న అడిగారన్నది నిజమే. కానీ ఆ క్షణంలో "సర్, నేను బ్యాకెండ్ పొజిషన్‌కి వచ్చాను, ఇదే అడగాలనుకుంటున్నారా?" అని నేనడగలేదు. భయమో, మొహమాటమో. ఆయన వేరే పొజిషన్ ఇంటర్వ్యూ అనుకుని ఉండొచ్చు కూడా. నేను అడగలేదన్న సంగతి దాచి రాస్తే, ఆయన్నెవరైనా అడిగినప్పుడు "అతనేమీ అనలేదే" అంటాడు, నా మాట తేలిపోతుంది. అందుకని అదీ రాశాను. ఇంకొకటి, 60 నిమిషాలూ ఇచ్చి ఉంటే నేను పాసయ్యేవాణ్ణని ఎక్కడా అనలేదు. ఏమో, అప్పుడూ పోయేవాణ్ణేమో! ఫలితాన్ని మళ్ళీ చూడమని అడిగే చోటు కూడా అది కాదు. అలా అడిగిన మరుక్షణం మిగతా కామెంటంతా అర్జీగా మారిపోతుంది.

పేర్లు రాయాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. ఇంటర్వ్యూయర్ పేరు నేను రాయలేదు. తేదీ, టైము, రౌండు చెబితే ఎవరో వాళ్ళకి క్షణంలో తెలుస్తుంది. పేరు రాస్తే మాత్రం చదివేవాళ్ళ దృష్టి ఆలస్యం మీంచి మనిషి మీదకి పోతుంది. నా పేరు సంగతా? సర్వే మొదట్లో "మీ జవాబులు గోప్యం" అని ఉంది. గోప్యమంటే అనామకం కాదని గమనించండి. లింకు ఒక్కొక్కరికీ విడిగా వస్తుంది, కొన్నిచోట్ల ఎవరిదో రిక్రూటర్‌కి కనబడకుండా జవాబులు కలిపి చూపిస్తారు. అయినా "జూన్ 20, సాయంత్రం నాలుగు" అని రాశాక ఇంక దాగేదేముంది? స్పష్టంగా రాయాలంటే నేనెవరో తెలుస్తుంది, తెలియకూడదనుకుంటే స్పష్టంగా రాయలేను. కింద సంతకం ఉందనుకునే రాశాను. "అవసరమైతే మిమ్మల్ని సంప్రదించవచ్చా" అన్న గడిలో టిక్కు కూడా పెట్టాను.

"మేం బాగా చేసినదేమిటి?" అన్న పెట్టెలో ఇది వెళ్ళింది:

"మొదటి ఫోన్‌లోనే రిక్రూటర్ జీతం పరిధి, ఎన్ని రౌండ్లు, ఒక్కో రౌండులో ఏ విషయాలు అన్నది చెప్పారు. నోటీసు 90 రోజులైనా ఇబ్బంది లేదని ఆరోజే స్పష్టం చేశారు. జూన్ 20న ప్యానెల్ రానప్పుడు నా మెసేజ్‌కి నాలుగు నిమిషాల్లో స్పందించారు. నేనిచ్చిన 6 రిక్రూటర్ పనిని ఉద్దేశించినది కాదు. కింది మూడు విషయాల వల్ల ఇచ్చినది."

"ఇంకా మెరుగు పరచుకోవలసినది?" అన్నచోట ఇది:

"జూన్ 20 డిజైన్ రౌండు 4:00కి బదులు 4:22కి మొదలై 4:50కి ముగిసింది. గంటకి అనుకున్నది 28 నిమిషాలే జరగడంతో డిజైన్ సగంలో ఆగిపోయింది. పది నిమిషాల్లో ప్యానెల్ రాకపోతే మరో టైముకి మార్చుకునే వీలు అభ్యర్థికి ఇవ్వగలరేమో పరిశీలించండి.

ఫలితం వారంలో చెబుతామన్నారు, 19 రోజులు పట్టింది. మధ్యలో నేను రాసిన రెండు మెయిళ్ళకు జవాబు రాలేదు. ఆ సమయంలో మరో కంపెనీకి జవాబు చెప్పలేక ఆపుకున్నాను. నిర్ణయం కాకపోయినా, చెబుతామన్న రోజున 'ఇంకా కాలేదు, ఫలానా తేదీకి చెబుతాం' అని ఒక్క లైను వస్తే సరిపోయేది.

ఉద్యోగ ప్రకటన పేమెంట్స్ బ్యాకెండ్‌కి, డిజైన్ ప్రశ్న బ్రౌజర్ పనితీరు మీద వచ్చింది. నేను ఆ సమయంలో అడిగి స్పష్టం చేసుకోలేదు, అడగాల్సింది. ప్రకటనను ప్యానెల్‌కి ముందే పంపితే ఇలాంటిది జరగదనుకుంటాను. మీరు కేటాయించిన సమయానికి ధన్యవాదాలు."

చూడండి, ఇందులో నేను మెత్తబడింది ఎక్కడా లేదు. మొదటి ప్రతిలో కంటే ఇందులోనే ఫిర్యాదులు ఎక్కువ ఉన్నాయి! రెండో పేరాలో రిక్రూటర్ తప్పు కూడా ఉంది, ఆ రెండు మెయిళ్ళకి జవాబివ్వనిది ఆవిడే మరి. పైన పొగిడాను కదా అని అది వదిలెయ్యలేదు.

పంపే ముందు వదినకి చూపించాను. "బావుంది" అని, ఆగి, "ఇంతకీ మీ ఆఫీసులో నువ్వూ ప్యానెల్లో కూర్చుంటావుగా, ఎన్నిసార్లు టైముకి వెళ్ళావు?" అంది. నవ్వేసి తప్పించుకున్నాను గానీ రాత్రి క్యాలెండర్ తీశాను. ఈ ఏడాది 11 ఇంటర్వ్యూలు చేశాను. ఆలస్యంగా వెళ్ళినవి నాకు గుర్తున్నంతవరకే నాలుగు. ఒకసారైతే ప్రొడక్షన్లో క్యూ నిండిపోయి పావుగంట పైనే. అవతల ఎవరో పిల్లాడు ఏ గదిలోనో ల్యాప్‌టాప్ ముందు ఇలాగే కూర్చుని ఉంటాడు. వెళ్ళగానే "సారీ, కాల్లో ఇరుక్కుపోయాను" అని మొదలుపెట్టేశాను, మిగిలిన టైము చాలకపోతే ఇంకో రోజు పెట్టుకుందామా అని ఒక్కసారీ అడగలేదు. అందుకే మొదటి పేరా చివర్లో ముందు "మార్చాలి" అని ఉన్నదాన్ని "పరిశీలించండి" అని మార్చాను. నిమిషాల అంకెలు మాత్రం అలాగే ఉంచాను.

సబ్మిట్ నొక్కాక "మీ స్పందన నమోదైంది" అని ఒక తెల్ల పేజీ వచ్చింది. అంతే. రెండు వారాలు చడీచప్పుడూ లేదు, అనుకున్నదే కదా అని మర్చిపోయాను కూడా.

పదహారో రోజున ఆ రిక్రూటర్ నుంచి మెయిలొచ్చింది, నాలుగు లైన్లు. మెయిళ్ళకి జవాబివ్వనందుకు క్షమించమంది, అప్పుడు నిర్ణయం పైన ఆగిపోయి ఏం రాయాలో తెలియక ఊరుకుందట. తను చూసే పొజిషన్లకి చెప్పిన రోజున ఒక లైను పంపడం మొదలుపెట్టిందట. పది నిమిషాల సంగతి హైరింగ్ మేనేజర్‌కి నా వాక్యాలతో సహా పంపింది, ఇంకా తేలలేదు. మూడోదాని గురించి ఏమీ రాయలేదు.

మా టీములోవాడికి ఈ సంగతి చెప్తే, "అయితే నన్ను అప్లై చెయ్యమంటావా?" అన్నాడు. చెయ్యమన్నాను. రిజల్టు ఏ తేదీకి చెబుతారో మొదటి ఫోన్లోనే అడిగి రాసిపెట్టుకోమన్నాను.